మోటారు వేయకముందు కల

ఆ ఉదయం వరండాలో ఉన్నవి ఇవి. పొట్టి కాళ్ల నవ్వారు మంచం ఒకటి. కింద పడినా దెబ్బ తగలకూడదని దాని కాళ్లు నేనే కోయించాను. దుప్పటి, తలగడ. మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు. స్టూలు మీద క్లిప్పు అట్ట, అట్టకి నేను గీసి జిరాక్సు తీయించిన షీటు, దారంతో కట్టిన బాల్‌పెన్ను, చిన్న టార్చిలైటు. మనుషులం ఇద్దరం. మంచం మీద కూర్చున్న మా బావ, షీటు చూడడానికి మేడ మీద నుంచి దిగొచ్చిన నేను. మా అక్క, ఆరేళ్ల మేనకోడలు లోపల గదిలో ఉన్నారు.

బావ వరండాలో ఎందుకు పడుకుంటున్నాడో ముందు చెప్పాలి.

అక్క వాళ్లది అనకాపల్లి శివారు. ఇంటి వెనక నుంచే చెరుకు తోటలు మొదలవుతాయి. నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. వాళ్ల మేడ మీద గదిలో ఉండి, రోడ్డు మలుపులో కంపెనీ బస్సు ఎక్కుతాను. కిందటి క్రషింగు రోజుల్లో బావ గానుగకి చెరుకు తోలుతుంటే కాలవ గట్టు మీద ట్రాక్టరు ట్రాలీ ఒరిగి పడిపోయింది. దూకేశాడు కాబట్టి భుజం దెబ్బతో పోయింది. భుజం నెలలో నయమైంది. కానీ అప్పటి నుంచి తెల్లవారుజామున నిద్రలో అరవడం, చేతులు విసరడం మొదలైంది. ఒకరోజు అలా విసిరిన మోచెయ్యి పక్కనే పడుకున్న పాప మూతికి తగిలి పెదవి చిట్లింది. పాప ఆ సాయంత్రానికే మర్చిపోయింది. బావ మర్చిపోలేదు. ఆ రాత్రే మంచం వరండాలోకి లాక్కున్నాడు.

"నా సెయ్యి నా మాట ఇనదు," అన్నాడు అక్కతో. "నువ్వూ పాపా తలుపేసుకొని పడుకోండి."

పాప మాత్రం రోజూ పడుకునే ముందు గుమ్మంలో నిలబడి, "నాన్న లోపలికి ఎప్పుడొత్తాడు?" అని అడిగేది. అక్క దాన్ని లోపలికి తీసుకెళ్లి తలుపేసేది.

అక్క పోరు పెడితే నేనూ బావా ఊళ్లోనే ఉన్న మానసిక వైద్యురాలి దగ్గరకి వెళ్లాం. ఆమె తాగుడు గురించి, మందుల గురించి, నిద్ర గురించి, పగటి పూట ఎలా ఉంటుందన్న దాని గురించి నిదానంగా అడిగింది. తర్వాత చెప్పింది: ఇలాంటి పీడకలల్లో ఒకదాన్ని తీసుకుని, మెలకువగా ఉన్నప్పుడు అందులో ఏదో ఒకటి మన ఇష్టం వచ్చినట్టు మార్చి, ఆ కొత్త దాన్ని రోజూ కొంతసేపు మనసులో నడిపించుకుంటే చాలామందికి ఉపశమనం వస్తుందని. అయితే దానికి ముందు కల చేతిలో ఉండాలి.

"ఏం కల వస్తుంది?" అని అడిగింది.

"భయమేత్తాదమ్మా. ఇంకేటీ గుర్తుండదు."

"అయితే లేవగానే రాయండి. రెండు వారాలు రాసి తీసుకురండి."

రాయడం అన్న మాట నా చెవిన పడింది. బండి స్టార్ట్ చేసేలోపే షీటు నా బుర్రలో గీసేసుకున్నాను. కంపెనీలో గంటగంటకీ రీడింగులు రాసే లాగ్‌షీటు లాంటిదే. తేదీ, లేచిన టైము, చోటు, మనుషులు, వస్తువులు, రంగులు, చివర్లో భయం ఎంత అని సున్నా నుంచి పది వరకు ఒక గడి.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతను కూడా నన్ను బావ అనే పిలుస్తాడు.

"కలకి కూడా ఫ్యాక్టరీ కాయితమేటి బావ? వోల్టేజి రాయక్కర్లేదా?"

"వోల్టేజి వద్దుగానీ మిగతావి ఖాళీ వదలకు."

"అలగే. సంతకం ఎవులు పెడతారు, నువ్వా నానా?"

ఎగతాళి చేశాడే గానీ రోజూ నింపాడు. ఆ ఉదయం నేను దిగొచ్చి చూసింది రెండో వారం చివరి షీటు. గడులన్నీ నిండి ఉన్నాయి. ట్రాక్టరు, ట్రాలీ, కాలవ గట్టు, తడి మట్టి. భయం ఎనిమిది. ముందు రోజు కూడా ఎనిమిదే. దానికి ముందు రోజూ ఎనిమిదే. కంపెనీలో ఒక మీటరు రోజుల తరబడి ఒకే అంకె చూపిస్తే నేను వెళ్లి మీటరు విప్పుతాను. ఇక్కడ మాత్రం గడి ఖాళీ లేదు కదా అనుకుని షీట్లన్నీ పిన్ను కొట్టాను.

డాక్టరమ్మ వాటిని ఒక్కొక్కటే చదివింది. ఎగతాళి చేయలేదు, మెచ్చుకోలేదు.

"ఇది ఆ రోజు నిజంగా జరిగింది కదా?" అంది.

"అవునమ్మా. అలగే జరిగింది."

"మరి కలలో జరిగింది ఏది?"

బావ నా వైపు చూశాడు. నేను షీటు వైపు చూశాను.

"పొద్దున్న కళ్లు తెరవగానే మొట్టమొదట ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఎర్ర బలుబు సూత్తానమ్మా."

ఎర్ర బల్బు అంటే ఏమిటో ఆమెకి నేను చెప్పాల్సి వచ్చింది. మోటార్లకి మూడు ఫేజుల కరెంటు రోజంతా ఉండదు. ఆ రోజుల్లో మా వైపు తెల్లవారకముందే ఇస్తున్నారు. అది వచ్చిందో లేదో పడుకున్న చోటి నుంచే తెలియడానికి బావ వరండా దూలానికి ఒక ఎర్ర బల్బు వేలాడదీశాడు. లైను రాగానే అది వెలుగుతుంది. కళ్లు తెరిస్తే బల్బు. బల్బు వెలుగుతుంటే చెప్పులు, టార్చి, తోట. మోటారు వేసి, నీళ్లు చాలులోకి మళ్లించి, మోటారు షెడ్డు మెట్టు మీద కూర్చుని జేబులోంచి నా షీటు తీసి నింపేవాడు. షీట్ల మూలల్లో మట్టి వేలిముద్రలు నేను చూస్తూనే ఉన్నాను. మంచం పక్కన స్టూలు మీద ఉండాల్సిన కాగితానికి తోట మట్టి ఎందుకు అంటుకుందని అడగలేదు.

"అప్పటికి గుర్తున్నాదేటీ లేదమ్మా," అన్నాడు బావ నెమ్మదిగా. "మా బావ గడులు వదలొద్దన్నాడు. అందుకని ఆ యేల ఏటయ్యిందో అదే రాసేసేను."

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత చెప్పింది, నేను జాగ్రత్తగా విన్నాను. మెలకువ రాగానే కదలకూడదు. ఏ పక్కకి తిరిగి ఉంటే ఆ పక్కకే ఉండాలి, కళ్లు మూసుకునే ఉండాలి. ఆ రోజు పని గురించిన మొదటి ఆలోచన వచ్చిందంటే కల దాని వెనక్కి వెళ్లిపోతుంది. ముందు వెతకాల్సింది కథని కాదు, ఒంట్లో ఏం అనిపిస్తోందన్నది. ఆ తర్వాత ఇప్పుడిప్పుడే ఎక్కడ ఉన్నాను అని. చిన్న ముక్క దొరికితే దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లాలి, అంతకుముందు ఏమిటి, దానికి ముందు ఏమిటి అని. ఏమీ దొరక్కపోతే, మామూలుగా ఏ పక్కకి పడుకుంటారో ఆ పక్కకి నెమ్మదిగా తిరిగి కాసేపు చూడాలి. దొరికినవి ముందు విడి మాటలుగా రాయాలి, వాక్యాలు తర్వాత. అతుకులు వేయకూడదు. మధ్యలో ఖాళీ ఉంటే ఖాళీగానే వదలాలి.

"గడులు తీసేయండి," అంది నాతో. "గడి కనబడితే మనిషి ఏదో ఒకటి పెట్టి నింపుతాడు."

మళ్లీ బావతో, "కంగారు మరీ ఎక్కువగా ఉంటే మాత్రం రాయడం పక్కన పెట్టండి. లైటు వేసి లేచి కూర్చోండి, కాళ్లు నేల మీద ఆనించండి. ఒక కల పోతే పోయింది. ఇంకోటి వస్తుంది," అంది.

ఇంటికొచ్చాక మొదటి పని ఎర్ర బల్బుది. వరండాలో దాన్ని విప్పి, వైరు పొడిగించి మేడ మీద నా గదిలో పెట్టాను. ఆ రోజుల్లో నాకు మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున్న మోటారు నేను వేస్తానన్నాను.

"బలుబు నీకిచ్చేసేను," అన్నాడు బావ. "ఇంక తోట కూడా రాసియ్యమంటావేటి?"

"నీళ్లు ఏ చాలు నుంచి మొదలెట్టాలో చెప్పు చాలు."

"తూరుపు పక్క నుంచి. స్టార్టరు ఒక్కసారే నొక్కు, పియానో వాయించకు."

రెండో సమస్య రాత. బావ పదో తరగతి దాకా చదివాడు గానీ చేతిరాత నెమ్మది. ఒక మాట రాసేలోపు తర్వాతి మాట పోయేది. ఫోనులో రికార్డు చేద్దామంటే స్క్రీను వెలుగు కళ్లలో పడేది, దానితో పాటు ఎవరో పంపిన మెసేజీలు. చివరికి అక్క రాస్తానంది. బావకి మెలకువ రాగానే చిన్నగా దగ్గుతాడు. అక్క వచ్చి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది, ముట్టుకోదు. అతను కళ్లు మూసుకునే చెబుతాడు, ఈమె రాస్తుంది. గీతల నోటుబుక్కు ఒకటి కొన్నాం, నిలువు గీతలు లేనిది.

మొదటి రోజు నేను మోటారు వేసి వచ్చేసరికి ఇద్దరూ గొడవలో ఉన్నారు.

"ట్రాలీ పడిపోయిందా అనడిగేను, అవునన్నాడు," అంది అక్క. "పాప ఉందా అనడిగేను, ఉందన్నాడు. ఇప్పుడేమో ఏదీ నమ్మకం లేదంటాడు."

"నువ్వు అడిగితే అదే కళ్లకి కనబడిపోతంది," అన్నాడు బావ. "నానేటి సెయ్యను? ఏనుగుందా అనడిగితే ఏనుగూ వచ్చును."

ఆ పేజీ కొట్టేశాం. అక్క ఇకపై ఒక్క ప్రశ్నా అడగకూడదని, అతను ఆగిపోతే "ఊఁ" అని మాత్రం అనాలని తీర్మానించాం.

"పెళ్లయిన ఇన్నేళ్లకి నన్ను నోరు మూసుకుని ఇనమని ఇద్దరూ కలిసి సెప్పేరు," అంది అక్క. "బాగుంది. డాక్టరమ్మ సెప్పిందని ఊరుకుంటన్నాను."

తర్వాతి కొన్ని పేజీల్లో పెద్దగా ఏమీ లేదు. "ఏమీ గుర్తు లేదు. బరువుగా ఉంది" అని ఒకరోజు. "వంట గదా? కాదు. పచ్చ రంగు ఏదో" అని ఇంకోరోజు. పాత అలవాటు కొద్దీ ఈ ఖాళీలు నాకు లోపాల్లా కనబడేవి. కానీ భయం ఎనిమిది అన్న మాట ఎక్కడా లేదు. దాని బదులు పై వరసలో రోజుకో రకంగా ఉంది. చిరాకు. ఆకలి లాంటిది. ఒకరోజు సిగ్గు అని ఉంది. రీడింగు కదలడం మొదలెట్టింది. తొందరపెట్టొద్దని మీటరు దగ్గర అయితే నాకు తెలుసు. ఇక్కడ నేర్చుకోవాల్సి వచ్చింది.

పడుకునే ముందు బావ కూడా ఒక అలవాటు చేసుకున్నాడు. నోటుబుక్కు తెరిచి ముందే తేదీ వేయించి, పెన్ను మధ్యలో పెట్టించి, "లేవగానే కదలను, గుర్తెట్టుకుంటాను" అని ఒకసారి పైకి అనుకునేవాడు. డాక్టరమ్మ చెప్పిందే అది. పాప గుమ్మంలోంచి విని, అదేదో దండకం అనుకుని తనూ అనేది.

ఆ కల వచ్చిన రోజు నేను తూర్పు చాళ్లకి నీళ్లు పెట్టి ఇంటికొచ్చేసరికి తెల్లారింది. అక్క ఇంకా పీట మీదే ఉంది. బావ మంచం మీద కూర్చుని, కాళ్లు నేలకి ఆనించి, టీ తాగుతున్నాడు. అక్క నోటుబుక్కు నా చేతికివ్వబోయి ఆగి బావ వైపు చూసింది. బావ తలూపాడు. అక్క అతని మాటల్ని అతను అన్నట్టే రాసింది, జరుగుతున్నట్టుగా:

"నోరు ఎండిపోనాది. భయం కాదు. పిలుత్తంటే ఎవులూ తిరిగి సూడ్డం లేదు, ఆ బాధ. ట్రాక్టరు నడుత్తంది. తోలతన్నది ఎవులో తెల్దు. నాను ఎనకాల సెరుకు మీద నిలబడున్నాను. పాప మడ్‌గార్డు మీద కూకుంది. స్కూలు గౌను. కాలవలో నీల్లు లేవు. ఇంజను సప్పుడు. దిగు దిగు అంటన్నాను. నా గొంతు నాకే ఇనబడ్డం లేదు. సెయ్యి సాపుతున్నాను. అందడం లేదు."

అక్కడితో ఆగింది. కింద బావ తర్వాత పెన్సిలుతో ఒక బొమ్మ గీశాడు. పెద్ద చక్రం, దాని పైన చిన్న గీత. ఆ గీత పాప.

ట్రాలీ ఒరిగిన రోజు పాప బడిలో ఉంది. కలలో ట్రాలీ ఒరగనే లేదు. రెండు వారాల పాటు నా గడుల్లోకి ఎక్కినవాటిలో ట్రాక్టరూ, ట్రాలీ, కాలవా తప్ప ఒక్కటీ ఇందులో లేదు.

"మరి పాప మూతికి తగిలిన సెయ్యి?" అని అడిగింది అక్క. పగలు కాబట్టి అడగొచ్చు.

బావ గ్లాసు కింద పెట్టి కుడి చెయ్యి ముందుకి చాపాడు, దేన్నో పట్టుకోబోయేటట్టు. "ఇదే," అన్నాడు.

నాకు దాని అర్థం చెప్పేయాలనిపించింది, మొదలుపెట్టాను కూడా. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీటరు సూసినట్టు సూడకు బావ. ఉన్నాది ఉన్నట్టు ఉండనీ."

ఈసారి డాక్టరమ్మ ఆ పేజీ చదివింది. అర్థం చెప్పలేదు. ఇందులో ఒకటి మార్చుకోమంటే ఏది మారుస్తారని మాత్రం అడిగింది. గట్టిగా అరుస్తానంటాడేమో అనుకున్నాను.

"ఇంజను ఆపేత్తాను," అన్నాడు. "ఎనక నుంచి ముందుకొచ్చి తాళం తిప్పేత్తాను. సప్పుడు పోతే పాపకి ఇనబడతాది కదా."

"తర్వాత?"

"తర్వాతేటుందమ్మా, దిగుతాది. ఇంటికెల్లిపోతాం."

ఆ కొత్త దాన్ని కూడా నోటుబుక్కులో రాయించింది. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక, కళ్లు మూసుకుని, కొద్ది నిమిషాలు దాన్నే నడిపించుకోమంది. పాత కల తలచుకోవద్దు, కొత్తదే. పొద్దుటి రాత మాత్రం మానొద్దంది. ఏం మారుతోందో అందులోనే తెలుస్తుందట.

బావ ఆ పని చెరుకు విత్తనపు ముచ్చెలు నాటినంత శ్రద్ధగా చేశాడు. భోజనం చేసి, వరండా మంచం మీద వెల్లకిలా పడుకుని, కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒకసారి తిప్పేవాడు, తాళంలాగా. అక్క ఆ వైపు వెళ్లేటప్పుడు గిన్నెలు చప్పుడు చేయకుండా పట్టుకునేది.

మార్పు ఒక్కసారి రాలేదు. ట్రాక్టరు మళ్లీ వచ్చింది. ఒక కలలో ఇంజను ఆగింది గానీ పాప లేదు. ఇంకో కలలో తాళం బదులు మోటారు స్టార్టరు ఉంది, అది నొక్కితే ఆగలేదు. అరిచిన రోజులు కూడా ఉన్నాయి. ఒక ఉదయం కంగారు ఎక్కువై రాయనే లేదు. లైటు వేసుకుని కూర్చున్నాడు, ఆ పేజీలో తేదీ ఒక్కటే ఉంది. ఆ తర్వాత కొన్ని పేజీల్లో వేరే సంగతులు రావడం మొదలైంది. ఎలమంచిలి సంతలో చెప్పులు పోగొట్టుకోవడం, చిన్నప్పటి మేష్టారు చెరుకు బేరం ఆడడం. అవి రాసే రోజుల్లో అక్క "ఊఁ" అనలేక నవ్వేసేది, బావ కళ్లు మూసుకునే "రాయవే" అని కసురుకునేవాడు.

చేతులు విసరకుండా చాలా రోజులు గడిచాక డాక్టరమ్మ లోపల పడుకోవచ్చంది. ముందు మంచం వేరుగా, పాప వైపు అక్క ఉండేలా. ఆ సాయంత్రం మంచం నేనూ బావా చెరో పక్క పట్టుకుని లోపలికి మోశాం. పాప దాని మీద ముందే ఎక్కి కూర్చుంది, దిగమన్నా దిగలేదు.

"నాన్నా, పొద్దున్న నువ్వు కల సెప్పినప్పుడు నేను మాట్లాడకూడదంట. అమ్మ సెప్పింది."

"మాటాడకు. ఊఁ అను, సాలు."

"ఊఁ," అంది పాప.

మర్నాడు నేను మోటారు వేసి వచ్చేసరికి గదిలోంచి బావ గొంతు మామూలుగా వినబడింది, మధ్య మధ్యలో రెండు గొంతులు ఊఁ కొడుతున్నాయి. ఆ కల దేని గురించో నేను అడగలేదు. అది వాళ్లు రాసుకున్నారు.

నోటుబుక్కు ఇంకా నడుస్తోంది. మొన్న ఆదివారం వరకు అందులో ఉన్న కలలు నలభై ఆరు. ట్రాక్టరు ఉన్నవి పదమూడు.